చేతికి పన్నెండు లక్షలు మిగలాలంటే ఎన్ని లీటర్లు అమ్మాలి? ఒక గానుగ నూనె యూనిట్ కేస్ స్టడీ

ఇది రాయలసీమలో ఒక చిన్న పట్టణంలో నడుస్తున్న వేరుశనగ గానుగ నూనె యూనిట్ కేసు. యజమానుల వివరాలు, ఊరు తెలిసిపోకుండా మార్చాను. అంకెలను కూడా ఒకే నిష్పత్తిలో సవరించి, గుండ్రంగా చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే. కాస్ట్ అకౌంటెంట్‌గా నా దగ్గరికి వచ్చే చిన్న యూనిట్లలో చాలావాటికి లాభం, నష్టం రెండూ లేని చోటు చెప్పే బ్రేక్ ఈవెన్ లెక్క తెలుసు. పన్ను కట్టాక ఫలానా మొత్తం మిగలాలంటే ఎంత అమ్మాలి అనే దగ్గరే లెక్క తప్పుతుంది. ఈ కేసులో అది ఒకసారి కాదు, వేర్వేరు చోట్ల తప్పింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఇద్దరు భాగస్వాములు, వరసకు బావాబావమరుదులు. బావ గానుగల దగ్గర ఉంటాడు, బావమరిది అమ్మకాలు చూసుకుంటాడు. ఇద్దరూ పూర్తి సమయం పనిచేసేవాళ్లే. సంస్థ రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. నాలుగు కరెంటు గానుగలు ఉన్నాయి. ఒక్కో వాయికి పదహారు కిలోల పప్పు పోస్తారు, ఆరున్నర లీటర్లకు కాస్త పైగా నూనె దిగుతుంది. రోజుకు ఆరు వాయిలు. అంటే గానుగకు 40 లీటర్లు, నాలుగింటికి 160 లీటర్లు. సెలవులు, మరమ్మతులు పోను ఏడాదికి 300 పని రోజులనుకుంటే 48,000 లీటర్లు. ఈ అంకె ముందు ముందు చాలా పనికొస్తుంది.

లీటరు నూనెకు బిల్లు 336 రూపాయలు. అందులో 16 రూపాయలు జీఎస్‌టీ, అది మనది కాదు. కాబట్టి లెక్కకు అమ్మకం ధర 320.

లీటరు నూనె తీయడానికి 2.4 కిలోల పప్పు కావాలి. కిలో 105 చొప్పున 252 రూపాయలు. అందులోంచి 1.4 కిలోల చెక్క వస్తుంది, కిలో 40 చొప్పున 56 రూపాయలకు పాడి రైతులు కొంటారు. ఆ 56 తీసేస్తే పప్పు ఖర్చు నికరంగా 196. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె కలిపి 16. కరెంటు 6. వాయికింత అని ఇచ్చే కూలి లీటరుకు 8 పడుతుంది. రవాణా, దుకాణదారుల కమిషన్ 24. మొత్తం 250. అమ్మకం ధరలోంచి ఇది పోగా లీటరుకు 70 రూపాయలు మిగులుతుంది. మేం దీన్ని కంట్రిబ్యూషన్ అంటాం. ప్రతి లీటరూ అద్దెకు, జీతాలకు, లాభానికి తన వంతుగా ఇచ్చేది ఈ 70 రూపాయలే.

అమ్మినా అమ్మకపోయినా తప్పని స్థిర ఖర్చులు ఏడాదికి 21 లక్షలు. షెడ్డు అద్దె 3.6 లక్షలు, నెలజీతాలు 9.6 లక్షలు, యంత్రాల తరుగుదల 3 లక్షలు, బ్యాంకు వడ్డీ 2.4 లక్షలు, లైసెన్సులు, ఆడిట్, ప్రచారం లాంటివి 2.4 లక్షలు.

21 లక్షలను 70తో భాగిస్తే 30,000 లీటర్లు. లాభం, నష్టం రెండూ లేని చోటు అదే. అమ్మకాల్లో చెప్పుకుంటే 96 లక్షలు. ఈ లెక్క వాళ్లు ముందే వేసుకున్నారు, సరిగ్గానే వేశారు.

వచ్చిన సమస్య

2025 మార్చి రెండో వారంలో వచ్చారు. ఏడాది మొదట్లో వాళ్లు పెట్టుకున్న లక్ష్యం సూటిగా ఉంది. ఒక్కొక్కరికి నెలకు యాభై వేలు, ఇద్దరికీ కలిపి ఏడాదికి 12 లక్షలు మిగలాలి. 21 లక్షల ఖర్చు, 12 లక్షల లాభం కలిపి 33 లక్షలు. దాన్ని 70తో భాగిస్తే 47,143 లీటర్లు. మార్చి వచ్చేసరికి ఆ లక్ష్యం దాదాపు అందుకున్నారు. గానుగలు ఖాళీ లేకుండా తిరిగాయి. నెలనెలా యాభై వేల చొప్పున తీసుకుంటూ వచ్చారు.

అంతా అనుకున్నట్టే జరిగింది. అయినా బ్యాంకులో అవసరానికి అప్పుగా వాడుకునే సీసీ ఖాతా బాకీ ఏడాదిలో లక్షా ఎనభై వేలు పెరిగింది. పైగా ఆడిటర్ ఆ ఏడాదికి కట్టాల్సిన పన్ను దాదాపు 3.74 లక్షలని చెప్పారు. అడ్వాన్స్ టాక్స్ ఒక్క వాయిదా కూడా కట్టలేదు కాబట్టి నెలకు ఒక శాతం వడ్డీ అదనం.

"సార్, టార్గెట్ కొట్టినాం. లాభం పన్నెండు లక్షలని ఆడిటర్ సారే చెప్తున్నాడు. మరి డబ్బు ఎక్కడ పోయింది?" అని బావ అడిగాడు. దొంగతనం ఏమైనా జరిగిందా, దుకాణాల్లో బాకీలు పేరుకుపోయాయా అని కూడా వాళ్లకు అనుమానం. బాకీలు చూశాను, స్టాకు చూశాను. రెండూ గత ఏడాది స్థాయిలోనే ఉన్నాయి. డబ్బు ఎక్కడికీ పోలేదు. లక్ష్యం లెక్కలోనే మూడు విషయాలకు చోటు లేదు.

మొదటిది పన్ను. ఫర్మ్‌కు శ్లాబులు ఉండవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. రెండోది యంత్రాల అప్పులో అసలు. వడ్డీ ఖర్చుగా లెక్కలోకి వచ్చింది గానీ ఏడాదికి కట్టే 4.8 లక్షల అసలు రాలేదు, రాదు కూడా. అసలు తీర్చడం ఖర్చు కాదు. పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచి తీర్చాల్సిందే. మూడోది తరుగుదల. ఇది ఎదురు దిక్కున పనిచేస్తుంది. 3 లక్షలు ఖర్చుగా రాశారు గానీ ఆ డబ్బు బయటికి పోలేదు.

ఈ మూడూ పెట్టి చూస్తే జరిగింది కళ్లకు కడుతుంది. లాభం 12 లక్షలు. తరుగుదల 3 లక్షలు కలిపితే చేతిలోకి వచ్చిన డబ్బు 15 లక్షలు. అసలుకు 4.8 లక్షలు పోగా 10.2 లక్షలు. తీసుకున్నది 12 లక్షలు. తేడా 1.8 లక్షలు, సరిగ్గా సీసీ బాకీ పెరిగినంత. ఇప్పుడు దాని మీద 3.74 లక్షల పన్ను వచ్చి పడింది. మొత్తం లోటు ఐదున్నర లక్షలు. ఈ కాగితం చూశాక బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే మా జీతం సగం బ్యాంకు ఇచ్చిందన్నమాట" అన్నాడు. సగం కాదు గానీ సగానికి దగ్గరే.

ప్రయత్నించినవి, పనిచేయనివి

నా దగ్గరికి రాకముందే వాళ్లు ఒక ప్రయత్నం చేశారు. సంక్రాంతి తర్వాత డబ్బు బిగుసుకుపోతున్నట్టు అనిపించి, అమ్మకాలు పెంచితే సర్దుకుంటుందని దుకాణాలకు లీటరు మీద పది రూపాయలు తగ్గించారు. ఆ నెల ఆర్డర్లు పెరిగాయి, మరుసటి నెల తగ్గాయి. దుకాణాలు తగ్గింపు ఉన్నప్పుడు సరుకు నింపుకున్నాయే తప్ప, జనం వాడకం పెరగలేదు. పెరిగినా లాభం లేదని చెప్పడానికి పెద్ద లెక్క అక్కర్లేదు. పది రూపాయలు ధరలో మూడు శాతమే. కానీ 70 రూపాయల కంట్రిబ్యూషన్‌లో అది ఏడో వంతు. 60 రూపాయల మీద 33 లక్షలు రావాలంటే 55,000 లీటర్లు అమ్మాలి. గానుగలకు ఆ శక్తి లేదు. ధర తగ్గించే ముందు తగ్గింపును ధరతో పోల్చకూడదు, కంట్రిబ్యూషన్‌తో పోల్చాలి.

రెండో ప్రయత్నం వాళ్ల దగ్గర పుస్తకాలు రాసే కుర్రాడిది. పన్ను సంగతి తెలిశాక కొత్త ఏడాదికి లక్ష్యాన్ని సవరించాడు. 12 లక్షలకు 31.2 శాతం అంటే 3,74,400. దాన్ని కలిపితే 15,74,400. స్థిర ఖర్చుతో కలిపి 70తో భాగిస్తే 52,491 లీటర్లు.

చూడటానికి సబబుగానే ఉంది. చాలామంది ఇలాగే వేస్తారు. కానీ వెనక్కి సరిచూస్తే నిలవదు. 15,74,400 లాభం వస్తే పన్ను దాని మీద 31.2 శాతం, అంటే 4,91,213. మిగిలేది 10,83,187. పన్నెండు లక్షలు కాదు. పన్ను పడేది మిగలాల్సిన 12 లక్షల మీద కాదు, పన్నుకు ముందున్న మొత్తం మీద. నూరు రూపాయల లాభంలో 31.20 పన్నుకు పోయి 68.80 మిగులుతుంది. కాబట్టి మిగలాల్సిన మొత్తాన్ని 0.688తో భాగించాలి. 12 లక్షలను 0.688తో భాగిస్తే 17,44,186. అప్పుడు అమ్మాల్సింది 54,917 లీటర్లు. కలపడానికీ భాగించడానికీ తేడా ఏడాదికి దాదాపు 2,400 లీటర్లు.

ఇక్కడ బ్రేక్ ఈవెన్ గురించి వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి చెప్పాలి. పన్ను లెక్కలోకి వస్తే 30,000 లీటర్ల బ్రేక్ ఈవెన్ కూడా పెరుగుతుందా అని. పెరగదు. ఆ చోట లాభం సున్నా, కాబట్టి పన్ను కూడా సున్నా. పన్ను ప్రభావం బ్రేక్ ఈవెన్ దాటాకే మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి లీటరు 70 రూపాయలు కాక 48.16 మాత్రమే ఇస్తుంది. అంటే ఆ ఏడాది బ్రేక్ ఈవెన్ పైన అమ్మిన పదిహేడు వేల లీటర్లను వాళ్లు 70 రూపాయల చొప్పున లెక్కేసుకున్నారు. చేతికి వచ్చింది 48 చొప్పునే.

ఆ తర్వాత లక్ష్యాన్నే సరిగ్గా నిర్వచించాం. చేతికి కావాల్సింది 12 లక్షలు. అసలు వాయిదాలు 4.8 లక్షలు. ఈ రెండూ కలిపి, డబ్బు బయటికి పోని తరుగుదల 3 లక్షలు తీసేస్తే 13.8 లక్షలు. పన్ను తర్వాత నికర లాభం ఇంత ఉండాలి. దీన్ని 0.688తో భాగిస్తే పన్నుకు ముందు లాభం 20.06 లక్షలు. అమ్మాల్సింది 58,654 లీటర్లు.

లెక్క తప్పు లేదు. కానీ గానుగల శక్తి 48,000. ఇది చూశాక ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది. ఐదో గానుగ, ఆరో గానుగ కొందాం, ఇంకో అప్పు తీసుకుందాం అని మాటలు మొదలయ్యాయి. అక్కడే ఆగమన్నాను. లక్ష్యం అంకె సామర్థ్యాన్ని దాటినప్పుడు వెంటనే సామర్థ్యం పెంచడానికి పరిగెత్తకూడదు. లెక్కలో మనం తిరుగులేనివిగా తీసుకున్న అంకెలను ఒక్కొక్కటిగా ప్రశ్నించాలి. నేను ముందు పట్టుకున్నది 31.2 శాతాన్ని.

పని చేసింది: పన్ను రేటును ప్రశ్నించడం

వాళ్ల పార్ట్‌నర్‌షిప్ డీడ్ తెప్పించి చదివాను. రెండు పేజీల పాత డీడ్. లాభం చెరి సగం అని ఉంది. పనిచేసే భాగస్వాములకు పారితోషికం అన్న మాటే లేదు. అంటే నెలనెలా వాళ్లు తీసుకుంటున్న యాభై వేలు పన్ను చట్టం దృష్టిలో జీతం కాదు, లాభంలోంచి తీసుకున్న సొంత వాడకం. అందుకే మొత్తం 12 లక్షల మీదా ఫర్మ్ 31.2 శాతం కట్టాల్సి వచ్చింది.

అప్పట్లో అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 40(బి) ప్రకారం, డీడ్ అనుమతిస్తే పనిచేసే భాగస్వాముల పారితోషికాన్ని ఫర్మ్ ఒక పరిమితి వరకు ఖర్చుగా చూపించుకోవచ్చు. 2024 బడ్జెట్ తర్వాత ఆ పరిమితి పెరిగింది. పారితోషికానికి ముందున్న లాభంలో మొదటి ఆరు లక్షల మీద 90 శాతం లేదా మూడు లక్షలు, ఏది ఎక్కువైతే అది. ఆపైన ఉన్న లాభం మీద 60 శాతం. ఆ పారితోషికం భాగస్వామి సొంత ఆదాయం అవుతుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయం ఉన్న వ్యక్తికి రిబేటు వల్ల పన్ను పడదు. వీళ్లిద్దరికీ చెప్పుకోదగ్గ వేరే ఆదాయం లేదు. పన్ను కట్టిన తర్వాత ఫర్మ్ పంచే లాభం మీద భాగస్వామికి మళ్లీ పన్ను ఉండదు.

అంటే ఒకే లాభం రెండు దారుల్లో వెళ్తుంది. పారితోషికంగా వెళ్లిన దాని మీద పన్ను లేదు, మిగిలిన దాని మీద 31.2 శాతం. కాబట్టి "లాభాన్ని 0.688తో భాగించు" అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. ఈ ఫర్మ్‌కు సరిపడే సూత్రం విడిగా కట్టుకోవాలి.

లాభం ఆరు లక్షలు దాటిందనుకుందాం. పారితోషికం పరిమితి: మొదటి ఆరు లక్షలకు 5.4 లక్షలు, మిగతాదానికి 60 శాతం. సర్దితే మొత్తం లాభంలో 60 శాతానికి 1.8 లక్షలు కలిపినంత అవుతుంది. అది పోగా పన్ను పడేది లాభంలో 40 శాతంలోంచి 1.8 లక్షలు తీసేసిన మొత్తం. దాని మీద 31.2 శాతం వేస్తే పన్ను లాభంలో 12.48 శాతం, అందులోంచి 56,160 తక్కువ. కాబట్టి పన్ను తర్వాత మిగిలేది లాభంలో 87.52 శాతం, దానికి 56,160 అదనం. దీన్ని తిరగేస్తే మనకు కావాల్సిన సూత్రం దొరుకుతుంది.

```
పన్నుకు ముందు లాభం = (13,80,000 − 56,160) ÷ 0.8752 = 15,12,614
లీటర్లు = (21,00,000 + 15,12,614) ÷ 70 = 51,609
```

వెనక్కి సరిచూశాం. లాభం 15,12,614. పారితోషికం 10,87,568, అంటే ఒక్కొక్కరికి 5.44 లక్షలు. పన్ను పడేది 4,25,046. పన్ను 1,32,614. మిగిలింది 13,80,000. సూత్రం కట్టిన ప్రతిసారీ ఇలా వెనక్కి నడిచి చూడటం నాకు అలవాటు. ముందుకు వేసిన లెక్కలో దాగిన తప్పు వెనక్కి వేసినప్పుడు బయటపడుతుంది. కుర్రాడి లెక్క తప్పని తేలింది కూడా అలాగే.

58,654 లీటర్ల నుంచి 51,609కి. ఏడు వేల లీటర్లు తగ్గాయి. ఒక్క సీసా అమ్మకం పెరగకుండానే, ధర మారకుండానే.

రెండు జాగ్రత్తలు చెప్పాను. ఒకటి, పారితోషికం డీడ్ తేదీకి ముందు కాలానికి చెల్లదు. కాబట్టి మార్చిలో పోయిన 3.74 లక్షలను ఇక ఎవరూ కాపాడలేరు. కొత్త ఏడాదికి పనికి రావాలంటే ఏప్రిల్ 1 నాటికే అనుబంధ డీడ్ సంతకాలు కావాలి. అందులో పారితోషికం మొత్తం గానీ, దాన్ని లెక్కకట్టే పద్ధతి గానీ స్పష్టంగా ఉండాలి. "ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నంత" అని రాస్తే ఆఫీసరు తోసిపుచ్చే వీలుంది. మేం చట్టం పరిమితినే పద్ధతిగా రాసి, ఇద్దరికీ సమాన భాగమని చేర్చాం. రెండు, 2025 ఏప్రిల్ నుంచి సెక్షన్ 194టి కింద భాగస్వామికి ఇచ్చే పారితోషికం ఏడాదికి ఇరవై వేలు దాటితే ఫర్మ్ పది శాతం టీడీఎస్ పట్టాలి. అంటే దాదాపు లక్షా తొమ్మిది వేలు ముందుగా ప్రభుత్వానికి వెళ్లి, భాగస్వాములు రిటర్న్ వేశాక తిరిగి వస్తాయి. ఏడాది మొత్తానికి లెక్క మారదు గానీ, నెలనెలా ఇంటికి తీసుకెళ్లే డబ్బు కొన్నాళ్లు తగ్గుతుంది. ఇది ముందే చెప్పకపోతే మళ్లీ "డబ్బు ఎక్కడ పోయింది" అనే ప్రశ్నే వస్తుంది.

సెక్షన్ 44ఏడీ సంగతి కూడా చూశాం. వాళ్ల టర్నోవర్ చెక్క అమ్మకంతో కలిపి దాదాపు 1.77 కోట్లు, ఆ పథకానికి అర్హత ఉన్నట్టే. అక్కడ లాభం అసలు ఎంతన్నది చూడరు. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం లాభంగా భావిస్తారు. మొత్తం బ్యాంకు ద్వారానే వచ్చిందనుకున్నా పది లక్షల అరవై వేలు ఆదాయం, పన్ను 3.3 లక్షలు. పైగా ఫర్మ్‌కు అందులో పారితోషికం విడిగా తగ్గించుకునే వీలు లేదు. ఇంకో చిక్కు నాకు పెద్దదిగా కనిపించింది. ఈ పద్ధతిలో పన్ను లాభాన్ని బట్టి కాక అమ్మకాన్ని బట్టి పడుతుంది కాబట్టి, అది పప్పు ఖర్చు లాగా లీటరుకింత అనే ఖర్చుగా మారుతుంది. అప్పుడు బ్రేక్ ఈవెన్ కూడా పైకి జరుగుతుంది, నష్టం వచ్చిన ఏడాది కూడా పన్ను కట్టాలి. వాళ్ల పుస్తకాలు ఎలాగూ ఆడిట్ అవుతున్నాయి. అందుకే వద్దనుకున్నాం.

మిగిలిన 3,600 లీటర్లు

51,609 కూడా 48,000 దాటి ఉంది. ఇక్కడ రెండు దారులు. ఐదో గానుగ, లేదా ఉన్న గానుగలనే సాయంత్రం కాస్త ఎక్కువసేపు తిప్పడం.

ఐదో గానుగ పెడితే ఒక మనిషి జీతం, తరుగుదల, వడ్డీ కలిపి స్థిర ఖర్చు ఏడాదికి రెండు లక్షలు పెరుగుతుంది. అదనపు సమయం తిప్పితే స్థిర ఖర్చు పెరగదు. కానీ ఓవర్‌టైమ్ కూలి వల్ల 48,000 పైన తీసే ప్రతి లీటరుకు పది రూపాయలు ఎక్కువ పడుతుంది, అంటే ఆ లీటర్ల కంట్రిబ్యూషన్ 60. పోలిక తేలికే. రెండు లక్షలను పది రూపాయలతో భాగిస్తే 20,000. అంటే 48,000 మీద ఇంకో ఇరవై వేల లీటర్లు అమ్మితేనే ఐదో గానుగ ఓవర్‌టైమ్‌తో సమానం. ఐదు గానుగలు కలిపి తీయగలిగేదే 60,000. అసలు వాయిదా భారం చేర్చకుండానే ఈ తేడా ఉంది.

ఓవర్‌టైమ్ ప్రకారం లెక్క మళ్లీ వేశాం. 48,000 లీటర్ల దగ్గర లాభం 12.6 లక్షలు. కావాల్సిన దానికి తక్కువైంది 2,52,614. దాన్ని 60తో భాగిస్తే 4,210. మొత్తం లక్ష్యం 52,210 లీటర్లు, జీఎస్‌టీ కాకుండా నూనె అమ్మకం 1.67 కోట్లు. గానుగల దగ్గర దీని అర్థం రోజుకు అదనంగా దాదాపు రెండు వాయిలు. రెండు గానుగలు ఒక గంట ఎక్కువ తిరిగితే చాలు. అంతకు మించి తిప్పితే గానుగ వేడెక్కి నూనె రుచి, రంగు మారతాయని బావ ముందే చెప్పాడు. కాబట్టి ఈ దారికి కూడా హద్దు ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 48,000 దగ్గర లెక్క ఒకే సూత్రంతో సాగదు. అక్కడి వరకు లీటరుకు 70, ఆపైన 60. స్థిర ఖర్చు, లాభం కలిపిన మొత్తాన్ని 70తో భాగించి వచ్చిన 51,609ని లక్ష్యంగా రాసి ఉంటే ఆరు వందల లీటర్లు తక్కువ పడేవి. ఆరు వందల లీటర్లంటే పెద్ద మొత్తం కాదు. కానీ చాలా యూనిట్లలో ఆ మలుపు దగ్గర ఖర్చు పెరిగేది పది రూపాయలు కాదు, ఒక కొత్త షెడ్డు.

ఏడాది ఎలా గడిచింది

అనుబంధ డీడ్ ఏప్రిల్ 1 తేదీతోనే చేశారు. అడ్వాన్స్ టాక్స్‌ను లక్షా ముప్పై వేల అంచనాతో జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి పదిహేనుల లోపు నాలుగు వాయిదాల్లో కట్టారు. అనుకున్నట్టు జరగనిది పప్పు ధర. కిలోకు ఐదు రూపాయలు పెరిగితే లీటరు మీద పన్నెండు రూపాయలు పడుతుంది. కంట్రిబ్యూషన్ 70 నుంచి 58కి జారుతుంది. అదే 15.13 లక్షల లాభానికి అప్పుడు 62,286 లీటర్లు కావాలి, ఓవర్‌టైమ్ తేడా లెక్కేయకుండానే. ఏ గానుగా అందుకోలేని అంకె అది.

అందుకే లీటర్ల వెంట పడొద్దని, లీటరుకు 70 నిలబడుతుందా లేదా అన్నది నెలనెలా చూడమని చెప్పాను. ఒక పేజీ కాగితం చాలు. పప్పు కొన్న ధర, చెక్క అమ్మిన ధర, దుకాణాలకు ఇచ్చిన ధర, ఈ మూడూ రాసి కంట్రిబ్యూషన్ తీయాలి. 68 కన్నా తగ్గితే ఆ వారంలోనే కూర్చుని మాట్లాడుకోవాలి. వేసవి చివర పప్పు ధర ఎక్కినప్పుడు ఈ కాగితం వాళ్లను వెంటనే హెచ్చరించింది. లీటరు ధర ఆరు రూపాయలు పెంచారు. అదే సమయంలో చెక్క ధర కూడా కొంత పెరిగింది. చెక్క కిలోకు ఐదు రూపాయలు పెరిగితే నూనె లీటరుకు ఏడు రూపాయలు వెనక్కి వస్తుంది. అంతకుముందు చెక్కను ఎవరు ముందు వస్తే వాళ్లకు ఇచ్చేసేవాళ్లు. ఇప్పుడు ధర అడిగి అమ్మడం మొదలుపెట్టారు. ఖరీఫ్ పంట దిగిన తర్వాత పప్పు ధర తగ్గినప్పుడు మూడు నెలల సరుకు కొని పెట్టుకున్నారు.

2025-26 లెక్కలు మూసేసరికి అమ్మింది 50,900 లీటర్లు, లక్ష్యానికి పదమూడు వందలు తక్కువ. కానీ ఓవర్‌టైమ్ కూలి పోగా కూడా సగటు కంట్రిబ్యూషన్ 71 నిలిచింది. స్థిర ఖర్చు నలభై వేలు పెరిగి 21.4 లక్షలైంది. లాభం 14,73,900. పన్ను 1,27,783. మిగిలింది 13,46,117. తరుగుదల కలిపి, అసలు తీసేస్తే చేతికి 11.66 లక్షలు. పన్నెండుకు ముప్పై నాలుగు వేలు తక్కువ. లీటర్లలో లక్ష్యం తప్పినా డబ్బులో దాదాపు అందుకున్నారు. ముందటి ఏడాది దీనికి తిరగబడిన కథ: లీటర్లు అందాయి, డబ్బు అందలేదు.

ఈ లెక్క ఎక్కడ చెల్లదు

ఇంకో యూనిట్ వాళ్లు 87.52 శాతం అనే అంకెను ఎత్తి వాడుకోకూడదు. అది ఈ ఫర్మ్ డీడ్‌కు, ఈ ఇద్దరు భాగస్వాములకు కట్టిన అంకె. భాగస్వాముల్లో ఒకరు పనిచేయని వారైతే ఆయనకు పారితోషికం చెల్లదు. ఒకరికి ఉద్యోగం లాంటి వేరే ఆదాయం ఉండి మొత్తం 12 లక్షలు దాటితే ఆయన చేతిలో పన్ను పడుతుంది, దాన్ని కూడా సూత్రంలో చేర్చాలి. ఫర్మ్‌లో పాత నష్టాలు ఉంటే అవి తీరేదాకా పన్ను తక్కువ పడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది. భాగస్వాముల పెట్టుబడి మీద వడ్డీని కూడా 12 శాతం వరకు ఖర్చుగా చూపవచ్చు. వీళ్ల పెట్టుబడి చిన్నది కాబట్టి దాన్ని వదిలేశాను. పెద్ద పెట్టుబడి ఉన్నచోట వదలకూడదు. తరుగుదల కూడా పుస్తకాల్లో ఒకటి, పన్ను లెక్కలో ఒకటి ఉండవచ్చు. ఇక్కడ రెండూ దగ్గరగా ఉన్నాయి గానీ, కొత్తగా యంత్రాలు కొన్న ఏడాది చాలా తేడా వస్తుంది.

యంత్రాల అప్పు ఇంకో రెండేళ్లలో తీరిపోతుంది. అప్పుడు 4.8 లక్షల అసలు ఉండదు, వడ్డీలో చాలా భాగం పోతుంది, అదే సమయంలో తరుగుదల కూడా తగ్గిపోతుంది. ఐదో గానుగ మాట మళ్లీ వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆ రోజుకు కావాల్సిన లీటర్ల లెక్కను కొత్త అంకెలతో మొదటి నుంచి వేయాలని, 52,210ని పట్టుకుని వేలాడొద్దని కాగితం అడుగున బావమరిదే తన చేత్తో రాసుకున్నాడు.